తల అటూ ఇటూ ఆడితే అవుననా, కాదనా? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగువాళ్ళం మాట్లాడుకునేటప్పుడు మాటకంటే ముందు తల కదులుతుంది. ఆ కదలికని వేరే దేశం మనిషి "కాదు" అనుకుంటాడు, మనవాడు "సరే" అనుకుంటాడు. ఒక్కోసారి మనవాళ్ళే ఒకరినొకరు పొరపాటుగా అర్థం చేసుకుంటారు. బయటివాళ్ళతో పనిచేసేవాళ్ళూ, బయటినుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులివి.

ఇక్కడ చెబుతున్నది ఏ తల ఊపు గురించి?

తల మూడు రకాలుగా కదులుతుంది. గడ్డం పైకీ కిందికీ పోతే నిలువు ఊపు. ముఖం కుడి భుజం వైపు, ఎడమ భుజం వైపు తిరిగితే అడ్డం ఊపు. ముఖం ఎటూ తిరగకుండా ఒక చెవి ఈ భుజం వైపు, మరో చెవి ఆ భుజం వైపు ఒరుగుతూ ఉంటే అది మూడోది. ఈ మూడోదాన్ని ఇక్కడ "ఒరుగు ఊపు" అందాం. మామూలు మాటల్లో దీనికి విడిగా పేరు లేదు. "తలాడించాడు", "తలూపాడు" అని మూడింటికీ అదే మాట వాడేస్తాం. గందరగోళం సగం అక్కడే మొదలవుతుంది.

మెడలో ఈ మూడు కదలికలూ ఒకే చోట పుట్టవు. నిలువు ఊపు ఎక్కువగా పుర్రె మొదటి మెడపూస మీద కూర్చున్న కీలు దగ్గర జరుగుతుంది. అడ్డంగా తిప్పడంలో దాదాపు సగం పని మొదటి, రెండో పూసల మధ్య జరుగుతుంది. పక్కకి ఒరగడం మాత్రం ఎక్కువగా ఆ కింది పూసలన్నీ తలా కాస్త పంచుకునే పని. అందుకే ఒరుగు ఊపు మిగతా రెండింటికంటే మెత్తగా, కాస్త ఊగినట్టు కనిపిస్తుంది.

చూడగానే పోల్చుకోవడం ఎలా?

ముక్కు కొన చూడండి. కాదనే అడ్డం ఊపులో ముక్కు కొన కుడికీ ఎడమకీ ప్రయాణిస్తుంది, ఒకసారి ఈ చెంప, ఒకసారి ఆ చెంప ఎక్కువ కనిపిస్తుంది, చెవులు మాత్రం ఒకే ఎత్తులో ఉంటాయి. ఒరుగు ఊపులో ముక్కు కొన దాదాపు ఉన్నచోటే ఉంటుంది. గడ్డం ఒకవైపు పోతే నడినెత్తి రెండోవైపు పోతుంది, చెవులు ఒకటి దిగితే ఒకటి లేస్తుంది. జూకాలు పెట్టుకున్నవాళ్ళ విషయంలో ఇంకా సులువు. అడ్డం ఊపులో జూకాలు ముందుకీ వెనక్కీ విసురుగా ఊగుతాయి, ఒరుగు ఊపులో ఒకటి మెడకి తగులుతుంటే రెండోది మెడకి దూరంగా వేలాడుతుంది.

మనుషులు కొలబద్ద పెట్టి తలూపరు కాబట్టి వేగంగా ఊపినప్పుడు ఒరుగులో కాస్త తిరుగుడు కూడా కలుస్తుంది. అప్పుడు గడ్డం గాలిలో పడుకోబెట్టిన ఎనిమిది అంకె గీసినట్టు ఉంటుంది. అలాంటప్పుడు కళ్ళు చూడండి. ఒరుగు ఊపులో కళ్ళు మీ మీదే నిలుస్తాయి. కాదనేటప్పుడు చూపు తరచుగా పక్కకో కిందికో తప్పుతుంది.

ఇంకో సంగతి. ఈ ఊపు ముందునుంచి ఎంత బాగా కనిపిస్తుందో వెనకనుంచీ అంతే బాగా కనిపిస్తుంది. "సందు చివర ఆపు బాబూ" అన్నప్పుడు ఆటో డ్రైవరు వెనక్కి తిరగకుండానే ఒప్పుకున్నాడని వెనక సీట్లోవాళ్ళకి తెలిసేది ఇందుకే. పక్కనుంచి మాత్రం దాదాపు కనిపించదు. వరసలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఒకరి ఊపు ఒకరు చూడకపోవడానికి కారణం అది.

అడ్డంగా ఊపితే కాదని కదా అర్థం? మరి ఇది అవునెలా అయింది?

ఒరుగు ఊపు అడ్డం ఊపులో ఒక రకం అనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. రెండూ వేరు కదలికలు.

కాదనే ఊపు ఎక్కడినుంచి వచ్చిందన్నదానికి చార్లెస్ డార్విన్ 1872లో ఒక ఊహ చెప్పాడు. కడుపు నిండిన పసిపిల్ల రొమ్మునుంచో చెంచానుంచో ముఖాన్ని పక్కకి తిప్పేసుకుంటుంది, ఆ తిప్పుడే పెద్దయ్యాక కాదనే సైగగా మిగిలిందని. ఆ ఊహ ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఒకటి గమనించండి. అందులో తిరస్కారమంతా ముఖం తిప్పుకోవడంలో ఉంది. ఒరుగు ఊపులో ముఖం తిప్పుకోవడమే లేదు. ముఖం మీకెదురుగా ఉంటుంది, కళ్ళు మీ మీదే ఉంటాయి, మెడ మాత్రం పట్టు వదులుతుంది.

మన దగ్గర కాదనడానికి అడ్డం ఊపు ఉంది, గట్టిగా అవుననడానికి నిలువు ఊపు ఉంది. మూడో కదలిక ఖాళీగా ఉంది కాబట్టి మూడో పనికి వాడుకున్నాం. ఆ పని "విన్నాను, నాకు అభ్యంతరం లేదు, కానివ్వండి" అని చెప్పడం. "అవును, అది నిజం" అనడానికీ దీనికీ తేడా ఉంది. "రెండు రెళ్ళు నాలుగే కదా?" అంటే నిలువుగా ఊపుతాం. "రెండు ప్లేట్లు చెప్పనా?" అంటే ఒరుగు ఊపు వస్తుంది. ఒకటి నిజాన్ని ధ్రువపరచడం, ఇంకొకటి పని జరగనివ్వడం. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువు.

సైగలకి అర్థం ఊళ్ళోవాళ్ళ ఒప్పందంతో వచ్చేదే. బల్గేరియాలో సంప్రదాయంగా అవుననడానికి తల పక్కలకి ఆడిస్తారు, కాదనడానికి పైకి ఎగరేస్తారు. గ్రీకులూ తుర్కులూ తల వెనక్కి విసిరి, నాలుకతో చిన్న చప్పుడు చేసి కాదంటారు. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్‌సన్ 1972లో ఈ సైగల మీద రాసిన వ్యాసంలో ఇలాంటి పద్ధతులనే పక్కపక్కన పెట్టి చూశాడు. ఏ ఊళ్ళో ఏ పద్ధతి ఉన్నా అవునూ కాదూ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడిగా ఉంటాయి. చిక్కంతా ఒక ఊరివాడు ఇంకో ఊరి కళ్ళతో చూసినప్పుడు వస్తుంది.

నేను మాట్లాడుతూనే ఉన్నాను, అవతలివాళ్ళు అప్పుడే ఊపుతున్నారు. ఒప్పుకున్నట్టా?

కాదు. అది ఊఁ కొట్టడం. కథ చెబుతుంటే పిల్లలు "ఊఁ… ఊఁ…" అన్నట్టే పెద్దలు తలతో ఊఁ కొడతారు. "వింటున్నాను, ఆపకుండా చెప్పండి" అని అర్థం. మాట్లాడే అవకాశం తీసుకోకుండానే వినేవాళ్ళు ఇచ్చే ఇలాంటి చిన్న సంకేతాలకి భాషాశాస్త్రవేత్త విక్టర్ ఇంగ్వే 1970లో "బ్యాక్ ఛానెల్" అని పేరు పెట్టాడు.

ఈ ఊపు ఎక్కడ పడుతుందో చూస్తే పోల్చుకోవచ్చు. మీరు ఒక వాక్యం ముగించి ఊపిరి తీసుకునేచోట, "కదా", "అన్నమాట", "మరి" లాంటి మాటల దగ్గర పడుతుంది. చిన్నగా, ఒకటి రెండుసార్లు ఒరిగి ఆగిపోతుంది. అది ఆగిపోయి, తల నిటారుగా బిగుసుకుందంటే వినేవాళ్ళకి ఎక్కడో అర్థం కాలేదనో, నచ్చలేదనో లెక్క. అనుభవం ఉన్నవాళ్ళు అక్కడే ఆగి "ఏంటి, ఏమైంది?" అంటారు. మనవాళ్ళకి ఊపు ఎంత సమాచారమో, ఊపు ఆగిపోవడం అంతకంటే ఎక్కువ సమాచారం.

ఫోన్‌లో ఈ పని మొత్తం గొంతు మీద పడుతుంది. ఊఁ కొట్టకుండా వింటే అవతలివైపునుంచి "హలో, ఉన్నావా?" అని వస్తుంది.

ప్రశ్న అడిగాక వచ్చే ఊపు "సరే"నా, "చూద్దాంలే"నా? తేడా ఎలా తెలుస్తుంది?

మొదట సమయం. ఒప్పుకునేవాళ్ళు ఆలస్యం చెయ్యరు. ప్రశ్న చివరి మాట పూర్తి కాకముందే తల కదిలిపోతుంది. 2009లో పది భాషల సంభాషణల మీద వచ్చిన ఒక పరిశోధనలో ప్రశ్నకీ జవాబుకీ మధ్య సగటు ఎడం సెకనులో అయిదో వంతు దగ్గర ఉందనీ, ఔననే జవాబులు కాదనేవాటికంటే త్వరగా వస్తాయనీ తేలింది. ఆ పదింటిలో తెలుగు లేదు గానీ, మన తలూపుల్లో కూడా ఈ పోకడ చూడొచ్చు. "ఏకాదశి రోజు వస్తారా పిన్నీ?" అంటే వెంటనే రెండు చిన్న ఒరుగులు పడితే ఆవిడ వస్తుంది. ఒక క్షణం ఏమీ లేకుండా ఉండి, తర్వాత నెమ్మదిగా, వెడల్పుగా ఒక ఒరుగు పడితే ఆవిడ లెక్కలు వేసుకుంటోంది.

తర్వాత ముఖం. "సరే" అనే ఊపులో కనుబొమలు కాస్త లేస్తాయి, పెదవులు వదులుగా ఉంటాయి, చాలాసార్లు చిరునవ్వు ఉంటుంది. "చూద్దాం" అనే ఊపులో కింది పెదవి ముందుకొస్తుంది లేదా పెదాల చివర్లు కిందికి దిగుతాయి, చూపు పక్కకి పోతుంది, ఒక్కోసారి ఒక భుజం లేస్తుంది. "ప్చ్" అన్న చప్పుడు తోడైతే ఇక ఆశ పెట్టుకోకండి.

మూడోది, అన్నిటికంటే నమ్మదగినది, ఊపు తర్వాత చెయ్యి ఏం చేసిందన్నది. పూలమ్మే ఆవిడ్ని "మూర ఇరవైకి ఇస్తావా?" అని అడిగారనుకోండి. ఆవిడ తల ఒరిగించి, అదే ఊపులో దండ మోచేతికి ఆనించి కొలవడం మొదలుపెడితే బేరం కుదిరింది. తల ఒరిగించి, పూల మీద నీళ్ళు చల్లుకుంటూ కూర్చుంటే కుదరలేదు, ఇంకో అయిదు వేస్తారేమో అని చూస్తోంది. తల రెండుసార్లూ ఒకేలా ఒరిగింది, చేతులు రెండు వేరు జవాబులిచ్చాయి. మా సలహా ఏమిటంటే, తలని ఎంత బాగా చదవగలిగినా చెయ్యి చూడకుండా డబ్బు తియ్యొద్దు.

దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని తలూపాడు. బుధవారం ఇస్తాడా?

నోరు ఖాళీ లేనివాడి ఒరుగు ఊపు "విన్నాను" దాకానే. సూదులు తీసి తేదీ నోటితో చెప్పేదాకా, రసీదు మీద రాసేదాకా ఆగండి.

"రావా?", "లేదు కదా?" అని అడిగినప్పుడు ఊపితే ఏమనుకోవాలి?

తెలుగువాళ్ళు తెలుగువాళ్ళతోనే తప్పు పోయే చోటు ఇది. కాస్త నిదానంగా చూద్దాం.

"రేపు రావా?" అని అడిగితే రానివాళ్ళు "ఊఁ, రాను" అనొచ్చు, "లేదు, రాను" అని కూడా అనొచ్చు. రెండూ మన భాషలో చెల్లుతాయి. మొదటిదాంట్లో ఊఁ అన్నది మీ అనుమానానికి, రెండోదాంట్లో లేదన్నది రావడానికి. మాట తీసేసి తల ఒక్కటే మిగిల్చితే ఏది దేనికో తెలిసే దారి లేదు. అడిగినవాళ్ళు "రాడన్నమాట" అని భోజనంలో ఒక విస్తరి తగ్గిస్తారు, ఊపినవాడు "వస్తానని చెప్పాగా" అంటూ దిగుతాడు.

"అభ్యంతరం లేదు కదా?", "నొప్పేమీ లేదు కదా?" అని కదా చేర్చినప్పుడు ఇంకో చిక్కు. కదా అన్న మాటలోనే అడిగేవాళ్ళు ఏ జవాబు కోరుకుంటున్నారో ఉంది. వినేవాళ్ళ తల ఆ కోరికకి మర్యాదగా ఒరుగుతుంది. నొప్పి ఉన్న మనిషి కూడా డాక్టరుగారి ముందు అలాగే ఒరిగిస్తాడు.

మందు చాలా తేలిక. ప్రశ్నలోంచి లేదు, కాదు, కదా తీసేయండి. "రేపు వస్తావా, ఇంటి దగ్గరే ఉంటావా?" అని రెండు దారులూ ముందు పెట్టండి. "నొప్పి ఎక్కడుంది?" అని అడగండి. తలూపి తప్పించుకోలేని ప్రశ్న అడిగితే నోరు తెరవక తప్పదు. నర్సులూ, బ్యాంకు కౌంటర్లో కూర్చునేవాళ్ళూ అలవాటు చేసుకోవాల్సిన ప్రశ్న ఇదే.

ఆఫీసు కాల్‌లో "సరే" అన్నట్టే ఊపారు, పని మాత్రం జరగలేదు. ఎక్కడ తేడా వచ్చింది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. డాలస్‌లో మేనేజరు, హైదరాబాద్‌లో ఇంజనీరు, వీడియో కాల్.

మేనేజరు చెప్పుకొస్తోంది. "పేమెంట్ పేజీలో రెండు బగ్గులున్నాయి." ఇంజనీరు తల చిన్నగా ఒరిగింది. "ఒకటి రిఫండ్ లెక్క తప్పు, రెండోది కస్టమర్‌కి రసీదు మెయిల్ పోవట్లేదు." మళ్ళీ ఒరిగింది. "శుక్రవారానికి రెండూ అయిపోతాయా?" ఒక క్షణం ఆగి, చూపు రెండో స్క్రీన్ మీదికి పోయి, పెదవులు బిగించి, వెడల్పుగా నెమ్మదిగా ఒక ఒరుగు. "గ్రేట్!" చటుక్కున చిన్న ఒరుగు. "ఇంకేం సమస్యల్లేవు కదా?" మరో చిన్న ఒరుగు. శుక్రవారం సాయంత్రానికి రిఫండ్ బగ్ తీరింది, మెయిల్ అలాగే ఉంది.

అయిదు ఊపులూ అయిదు అవునులని మేనేజరు లెక్క. మొదటి రెండూ ఊఁ కొట్టడం. మూడోది అసలు జవాబు. అది "ఒకటి చేస్తాను, రెండోది నా చేతిలో లేదు" అని చెప్పింది, ఎందుకంటే మెయిల్ సర్వర్ తాళం ఇంకో టీమ్ దగ్గరుంది. ఆలస్యం, చూపు, పెదవులు మూడూ ఆ సంగతే చెప్పాయి. నాలుగోది ఆవిడ సంతోషాన్ని అందుకోవడం. మన మనిషి దృష్టిలో "గ్రేట్" తర్వాత అడ్డు చెబితే ఎదుటి మనిషి మాట తీసేసినట్టు. అయిదోది కదా ప్రశ్నకి మర్యాద.

ఆవిడ మూడో ఊపు దగ్గర ఆగాల్సింది. రెండు పనులని విడదీసి "రిఫండ్ ఏ రోజుకి?", "మెయిల్‌కి ఎవరి సాయం కావాలి?" అని అడిగి ఉంటే అర నిమిషంలో సర్వర్ తాళం సంగతి బయటపడేది. ఇంజనీరు కూడా ఊపుతో సరిపెట్టకుండా "రిఫండ్ గురువారం ఇస్తాను, మెయిల్‌కి మాత్రం యాక్సెస్ కావాలి" అని నోటితో అనాల్సింది. భయస్తుడని, అబద్ధాలాడతాడని ముద్ర వేయడం తప్పు. అతను నిజమే చెప్పాడు, తలతో చెప్పాడు.

వీడియోలో ఇది ఎందుకు ఇంకా తప్పుగా కనిపిస్తుంది?

ఊపు చిన్నది, త్వరగా అయిపోయేది. నెట్ నెమ్మదిగా ఉండి బొమ్మ ఆగి ఆగి వస్తే మధ్య దశలు ఎగిరిపోయి, తల ఒకచోట ఉండి ఇంకోచోటికి దూకినట్టు ఉంటుంది. ఒరిగిందో తిరిగిందో చెప్పలేం. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే కెమెరా గడ్డం కిందినుంచి చూస్తుంది. అప్పుడు ఒరుగులో గడ్డం పక్కలకి పోవడమే కనిపించి, అచ్చం కాదన్నట్టు ఉంటుంది. కెమెరాని కళ్ళ ఎత్తులో ఎదురుగా పెట్టుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. మ్యూట్‌లో ఉన్నప్పుడు తోడుగా వచ్చే "ఆఁ", "సరే"లు పోతాయి కాబట్టి బొటనవేలు చూపించడం మేలు.

ఆఫీసరు ముందు, పెద్దల ముందు ఊపు మారుతుందా?

మారుతుంది. సమానుల మధ్య ఊపు ధారాళంగా ఉంటుంది. పెద్దవాళ్ళ ముందు చిన్నదై, కాస్త ముందుకి వంగి, ఒరుగులో నిలువు కలుస్తుంది, "అలాగేనండీ" తోడవుతుంది. తెలంగాణ పల్లెల్లో "మంచిదయ్యా" అనొచ్చు. పెద్దవాళ్ళు మాత్రం చిన్నవాళ్ళకి ఒక్క ఒరుగుతో అనుమతి ఇచ్చేస్తారు. గదిలోకి తొంగిచూసి "రావచ్చా సార్?" అంటే వచ్చే ఆ ఒక్క ఒరుగు "రా" అని.

చెప్పిందానికల్లా తల ఆడించేవాణ్ణి గంగిరెద్దులా తలూపుతాడంటాం. అంటే మన దృష్టిలో కూడా ఎక్కువ ఊపు ఎక్కువ ఒప్పుదల కాదు. ఆపకుండా, ఒకే లయలో ఊపేవాడు వినడం మానేసి ఉండొచ్చు. నిజంగా వినేవాళ్ళ ఊపు మీ మాటల లయతో మారుతుంది, మీరు ముఖ్యమైన మాట అన్నచోట ఎక్కువవుతుంది. అనుమానం వస్తే మధ్యలో ఆపి "ఇప్పుడు మొదట ఏం చేస్తావు?" అని అడగండి.

కూచిపూడిలో తల కదలికలకీ దీనికీ సంబంధం ఉందా?

నాట్యం చూసి జనం తలూపడం నేర్చుకోలేదు గానీ, ఈ తేడా మనవాళ్ళు చాలాకాలం క్రితమే గమనించారనడానికి నాట్యశాస్త్ర గ్రంథాలు సాక్ష్యం. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునేవాళ్ళు మొదట్లోనే వల్లించే నందికేశ్వరుని అభినయ దర్పణంలో శిరోభేదాలు తొమ్మిది. తలని కుడిఎడమలకి తిప్పేది ధుతం, దాని వాడుకల్లో మొదటిది లేదని చెప్పడం. తలని వింజామరలా పక్కలకి ఊపేది పరివాహితం, దాని వాడుకల్లో స్తోత్రం, సంతోషం, అనుమోదనం ఉన్నాయి, ఆలోచన కూడా ఉంది. అంటే "బాగుంది", "సరే", "చూద్దాం" మూడూ ఒకే ఊపు కింద చేర్చారు. పూలమ్మే ఆవిడ తల ఒరుగులోనూ అవే ఉన్నాయి.

కచేరీలో మంచి సంగతి పడగానే శ్రోతలు కళ్ళు మూసుకుని తలాడించేదీ ఈ కోవలోదే. అది ఎవరికీ జవాబు కాదు. మృదంగం లయ తప్పినచోట వాళ్ళ తలలు ఆగిపోవడం వేదిక మీదివాళ్ళకి స్పష్టంగా కనిపిస్తుంది.

కోర్టులో, ఆస్పత్రిలో తలూపితే చెల్లుతుందా?

చెల్లుతుంది, కానీ రాసే పద్ధతి మీద ఆధారపడుతుంది. మాట్లాడలేని స్థితిలో ఉన్న బాధితురాలు చేతి సైగలతో ఇచ్చిన మరణ వాంగ్మూలాన్ని అలహాబాద్ హైకోర్టు 1885లోనే అంగీకరించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 1994లో సుప్రీంకోర్టు తలూపులతో, సైగలతో చెప్పిన వాంగ్మూలం కూడా సాక్ష్యంగా పనికొస్తుందంది. ఎంత విలువ ఇవ్వాలన్నది ఎవరు నమోదు చేశారు, ఏ సైగలు చేశారు, ప్రశ్నలు తేలికైనవా చిక్కైనవా, సైగలు ఎంత స్పష్టంగా అర్థమయ్యాయి అన్నవాటి మీద ఉంటుందని చెప్పింది.

మన ఊపుకి ఇది సరిగ్గా వర్తిస్తుంది. "తల అడ్డంగా ఊపారు" అని రాస్తే చదివేవాళ్ళు కాదనుకుంటారు. "తలూపారు" అని రాస్తే అవుననుకుంటారు. నమోదు చేసేవాళ్ళు ముందుగా జవాబు తెలిసిన రెండు ప్రశ్నలు అడిగి, ఆ మనిషి అవునుకీ కాదుకీ ఏం చేస్తారో చూసుకోవాలి. "మీ పేరు ఫలానానా?" అని సరైన పేరుతో ఒకసారి, తప్పు పేరుతో ఒకసారి అడిగితే చాలు. తర్వాత ఒక్కో ప్రశ్నలో ఒక్కటే విషయం పెట్టి, కదిలిన తీరునీ దాని అర్థాన్నీ రెంటినీ రాయాలి. "చెవి భుజం వైపు రెండుసార్లు ఒరిగించారు. ముందు ప్రశ్నలో అవునుకి ఇలాగే చేశారు" అని ఉంటే తర్వాత ఎవరికీ సందేహం రాదు.

ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకునేటప్పుడూ అంతే. వివరించాక తలూపితే అది ఊఁ కొట్టడమే కావచ్చు. "ఏం చెయ్యబోతున్నామో మీ మాటల్లో చెప్పండి" అని పేషెంటు చేత చెప్పించుకోవాలి.

తాతగారి తల ఎప్పుడూ అడ్డంగా ఊగుతూనే ఉంటుంది. అదీ ఇదేనా?

ఎవరూ ఏమీ అడగనప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు కూడా సన్నగా ఆగకుండా ఊగుతుంటే అది సంకేతం కాదు, వణుకు. తల దిండుకి ఆనించి పడుకుంటే సాధారణంగా తగ్గుతుంది. అలాంటివారి జవాబు తలలో వెతక్కండి, చెయ్యి నొక్కమనో మాట చెప్పమనో అడగండి. డాక్టరుకి చూపించడం కూడా అవసరమే.

విదేశాల్లో ఉన్నాం. ఈ అలవాటు మానుకోవాలా?

మానుకోనక్కర్లేదు, మానుకోవడం తేలికా కాదు. తోడుగా మాట పెట్టుకుంటే సరిపోతుంది. ఊపుతూ "యెస్", "ఓకే" అంటే అవతలివాళ్ళు రెండు వారాల్లో ఊపుకీ అలవాటు పడతారు. ఇంటర్వ్యూలో, పోలీసు ఆపినప్పుడు, ఇమిగ్రేషన్ కౌంటర్లో మాత్రం తల నిటారుగా పెట్టి మాటతోనే జవాబివ్వడం క్షేమం.

అక్కడ పుట్టిన పిల్లలకి వేరే ఇబ్బంది. వాళ్ళు నిలువు, అడ్డం రెండే నేర్చుకుని ఉంటారు. వీడియో కాల్‌లో "అమ్మమ్మా, ఈ గౌను బాగుందా?" అని పాప అడిగితే అమ్మమ్మ మురిసిపోతూ తల అటూ ఇటూ ఆడిస్తుంది, పాప మొహం చిన్నబోతుంది. పాపని ఒకసారి అద్దం ముందు నిలబెట్టి ముక్కు కొన కదలకుండా తల ఒరిగించడం ఆటగా చేయించండి. తనే చేయగలిగిన రోజున ఎదుటివాళ్ళలోనూ పోల్చుకుంటుంది. అమ్మమ్మకి మాత్రం "బంగారం, చాలా బాగుందే" అని పైకి అనమని చెబితే చాలు.